శ్రావణికి, రిట్ వేసే ముందు

గుంటూరు

చి. శ్రావణికి,

ఐదుగురు చిన్న డీలర్ల తరఫున, రిటర్న్ ఎంత ఆలస్యమైనా లైసెన్స్ రద్దే అనే ఆ రూల్ మీద హైకోర్టులో రిట్ వేస్తున్నావని నాన్న ఫోన్‌లో చెప్పాడు. అదీ సీనియర్ పేరు లేకుండా, నీ సొంతంగానట. గర్వంగానే అనిపించింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. "కేసు దానిదా, మీదా?" అని మీ పెద్దమ్మ లైటు ఆర్పేసింది. పొద్దున్నే నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాఫ్టు చదివాను. 'ఏకపక్షం, అన్యాయం, రాజ్యాంగ విరుద్ధం' అనే మాటలు వరసగా పదకొండు చోట్ల ఉన్నాయి. పెన్సిల్‌తో లెక్కపెట్టాను. అందుకే ఈ ఉత్తరం.

మామూలు పనులు నీకు చెప్పక్కర్లేదు. రూల్ గెజిట్ కాపీ జత చెయ్యి. వాళ్ల రద్దు ఆర్డర్లూ పెట్టు. అసలు చట్టంలో ఆ రూల్ చేయడానికి అధికారం ఇచ్చిన సెక్షన్ చదువు, అది దాటిందనిపిస్తే ఆ గ్రౌండ్ విడిగా రాయి. అంతే.

చట్టసభ చేసిన సెక్షన్‌నా, ప్రభుత్వం చేసిన రూల్‌నా, ఆఫీసరు ఇచ్చిన ఆర్డర్‌నా, దేన్ని కొడుతున్నావో మొదటి పేజీలోనే తేల్చు. మేనిఫెస్ట్ ఆర్బిట్రరీనెస్, అంటే కొట్టొచ్చినట్టు కనిపించే ఏకపక్షత, మూడింటి మీదా ఎత్తొచ్చు, కానీ బరువు ఒకటి కాదు. ఆఫీసరు ఆర్డరైతే కోర్టు సులువుగా చూస్తుంది. రూల్ అయితే కొంచెం ఆగుతుంది. సెక్షన్ అయితే, ప్రజలు ఎన్నుకున్న సభ చేసింది కదా అని బాగా వెనక్కి తగ్గుతుంది. నీది రూల్. అదృష్టం. నా దగ్గరికొచ్చింది సెక్షన్.

1997. మన జిల్లాలో ఐదుగురు చిన్న నూనె మిల్లుల వాళ్లు వచ్చారు. ఒక రాష్ట్ర చట్టానికి సవరణ వచ్చి, అందులో పెట్టమన్న యంత్రం పెట్టకపోతే మిల్లు మూసెయ్యాల్సిందే అన్నారు. వాళ్లల్లో ఒకాయన నోటీసు మడిచి చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. దాని అంచుకి నూనె మరక. నేను అప్పుడు రాయప్ప కేసు మత్తులో ఉన్నాను. 1974లో జస్టిస్ భగవతి, సమానత్వమూ ఏకపక్షతా బద్ధశత్రువులని రాశారు కదా, ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఆ కేసు వేసిన రాయప్పగారు ఓడిపోయారన్నది నాకు గుర్తుండేది కాదు, ఎవరికీ ఉండదు. ఆ వాక్యం మీద అఫిడవిట్ మొత్తం కట్టాను. రాత్రి బండికి హైదరాబాద్ వెళ్లాను. అప్పుడు హైకోర్టు అక్కడే.

అడ్మిషన్‌కి పిలిచారు. నేను నాలుగు వాక్యాలు చెప్పానో లేదో, ప్రభుత్వ ప్లీడరు జీపీగారు లేచి మెక్‌డోవెల్ తీర్పు చదివారు. మన రాష్ట్రం కేసే అది. 1995 మద్యనిషేధం కింద మద్యం తయారీని కూడా ఆపేస్తే డిస్టిలరీలు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 1996లో ముగ్గురు జడ్జీల తరఫున జస్టిస్ జీవన్ రెడ్డిగారు తీర్పు రాశారు. చట్టాన్ని కొట్టెయ్యాలంటే చట్టసభకి అధికారం లేదని చూపాలి, లేదా ప్రాథమిక హక్కో రాజ్యాంగంలో ఇంకేదో నిబంధనో ఉల్లంఘించిందని చూపాలి, ఉత్తి 'ఏకపక్షం' అంటే చాలదు, మూడో దారి లేదు అన్నారు. నేను ఆ తీర్పు చూశాను. చూసి, 'అది మందు కేసు కదా, మన నూనె మిల్లుకేంటి' అని పక్కన పెట్టాను. తెలియక చదవకపోవడం కంటే ఇది దారుణం. ఏడు నిమిషాల్లో డిస్మిస్.

అసలు తప్పు అది కాదు. ఆ సవరణలోనే పెద్ద మిల్లులకి యంత్రం పెట్టుకోడానికి ఆరు నెలలు గడువిచ్చారు, చిన్నవాళ్లకి ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. ఆ విషయం మా కట్టలోనే ఉంది, 17వ పేజీ. పెద్దవాళ్లకెందుకు గడువు, చిన్నవాళ్లకెందుకు లేదు, ఆ తేడాకీ చట్టం ఉద్దేశానికీ సంబంధం ఏంటి అని అడిగి ఉంటే అది పాత పద్ధతి వర్గీకరణ వాదన. మెక్‌డోవెల్ దాన్ని ముట్టుకోదు, ఎందుకంటే అది సూటిగా సమానత్వ హక్కు, 14వ అధికరణే. పైగా 1981 రిపోర్టులో ఉన్న అజయ్ హాసియా కేసులో ఐదుగురు జడ్జీల బెంచ్, ఏకపక్షత ప్రభుత్వానిదైనా చట్టసభదైనా 14వ అధికరణ పనిచేస్తుందని అంది. ముగ్గురి కంటే ఐదుగురి బెంచ్ పెద్దది. ఆ పుస్తకం నా ర్యాక్‌లోనే ఉంది. వాక్యం మీద ప్రేమతో రెండూ వదిలేశాను.

మిల్లులవాళ్లు ఏమీ అనలేదు. స్టేషన్‌లో టీ ఇప్పించారు. ఆ మౌనం బాధ కూడా కాలంతో పోయింది. మనసులోంచి పోనిది ఇంకోటి ఉంది. మా ఆర్డర్ చూపించి, వేరే జిల్లాల నుంచి వచ్చిన అలాంటి రిట్లు ఒక్కొక్కటే 'అనుసరించి' కొట్టేశారు. వాళ్లెవరో నాకు తెలియదు. నీ డ్రాఫ్టు చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చింది నీ ఐదుగురి గురించి కాదమ్మా, వాళ్ల వెనకాల వచ్చేవాళ్ల గురించి.

నువ్వు నవ్వకు. ఇప్పుడు దారి తెరుచుకుందని నాకూ తెలుసు. 2017లో షాయరా బానో ముమ్మారు తలాక్ కేసులో జస్టిస్ నారిమన్, తనతో పాటు జస్టిస్ లలిత్ తరఫున, మెక్‌డోవెల్ తప్పన్నారు, అజయ్ హాసియాని చూడలేదని. జీపీ లేచి "ఐదుగురిలో ఇద్దరే కదా అన్నది" అంటారు. అప్పుడు జస్టిస్ కురియన్ జోసెఫ్ తీర్పు తెరువు. ముమ్మారు తలాక్ మీద ఆయన కారణాలు వేరు, కానీ చట్టాన్నైనా రూల్‌నైనా ఏకపక్షత మీద సవాలు చెయ్యొచ్చన్న న్యాయసూత్రం వరకు నారిమన్‌తో ఏకీభవిస్తున్నానని విడిగా రాశారు. ఆ పేరా మడత పెట్టి ఉంచుకో.

నారిమన్ ఇచ్చిన కొలత ఇది: తోచినట్టు, హేతువు లేకుండా, 'అడిక్వేట్ డిటర్మినింగ్ ప్రిన్సిపుల్' లేకుండా చేసింది, లేదా మితిమీరింది. ఆ ఇంగ్లీషు మాటకి మనూరి భాషలో అర్థం: ఏ లెక్కన ఇలా చేశారయ్యా అంటే చెప్పడానికి ఒక లెక్కంటూ ఉండాలి. ఆ మాట మన రాష్ట్రం బస్సుల కేసులో కూడా ఉంది. టూరిస్టు బస్సులకి పన్ను రాయితీ తీసేసినందుకు శర్మ ట్రాన్స్‌పోర్ట్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసింది, 2002 రిపోర్టులో ఉంటుంది. వాళ్లూ ఓడిపోయారు. ఈ సూత్రాన్ని పెంచినవాళ్లు ఎంతమంది గెలిచారో ఒకసారి లెక్క వెయ్యి, కాళ్లు నేలమీద ఉంటాయి.

నీ డ్రాఫ్టులో లేనిది ఆ లెక్కే. నువ్వు రూల్ కఠినం అన్నావు. కఠినమైతే కోర్టు ఏం చేస్తుంది, కఠినంగా ఉండే అధికారం వాళ్లకుంది. లెక్క లేదని వాళ్ల కాగితంతోనే చూపాలి. ఎలాగో కాల్ డ్రాప్ కేసు చదివితే తెలుస్తుంది, 2016, ఇదీ నారిమన్‌దే. కాల్ తెగితే ఫోన్ చేసినవాళ్లకి రూపాయి ఇవ్వాలి, రోజుకి మూడు వరకు అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రెగ్యులేషన్ చేసింది. వినియోగదారుడికి మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ట్రాయ్ సొంత నాణ్యతా నిబంధనల్లో రెండు శాతం దాకా కాల్ డ్రాప్స్ పర్వాలేదని ఉంది. ఆ కొలతకి లోబడిన కంపెనీ కూడా రూపాయి కట్టాలి. పైగా ట్రాయ్ సొంత టెక్నికల్ పేపర్‌లోనే 36.9 శాతం కాల్ డ్రాప్స్ వినియోగదారుల వైపు కారణాలవల్లేనని ఉంది. ఎవరి తప్పైనా జరిమానా కంపెనీకే. కొలత ఒకటి పెట్టి, దాన్ని పట్టించుకోకుండా ఇంకోటి చేశారు. వాదులు విశేషణాలు పేర్చి గెలవలేదు, ట్రాయ్ కాగితాలు పక్కపక్కన పెట్టి గెలిచారు.

నీ కేసులో అలాంటి కాగితం ఏది? రిటర్న్ ఒక్కరోజు ఆలస్యమైనా, ఏడాది ఆలస్యమైనా శిక్ష ఒక్కటే, లైసెన్స్ రద్దు. అదే చట్టం కింద వేరే రూల్‌లో ఆలస్యానికి మెట్లు ఉన్నాయా చూడు. ఉంటే నీ పని సగం అయిపోయినట్టే. ఈ రూల్ చేసేటప్పుడు శాఖ ఫైల్లో ఏం రాసుకున్నారో సమాచార హక్కు కింద అడుగు. కోర్టుకిచ్చే జవాబు కౌంటర్‌లో వాళ్లు కొత్తగా కారణం అల్లకముందే అసలుది నీ చేతిలో ఉండాలి.

ఇక్కడే సమానత్వం దొరుకుతుంది. సమానుల్ని వేరుగా చూడటమే కాదు, అసమానుల్ని ఒకటిగా చూడటం కూడా 14కి విరుద్ధమే. 2024 ఎలక్టోరల్ బాండ్ల తీర్పు తియ్యి. బాండ్ల భాగం అందరికీ తెలుసు, నీకు కావాల్సింది కంపెనీల చట్టం 182 సెక్షన్ భాగం. మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకి ఇవ్వకూడదన్న పరిమితిని 2017లో తీసేశారు. కంపెనీనీ వ్యక్తినీ ఒకటి చేశారు, లాభాల్లో ఉన్న కంపెనీనీ నష్టాల్లో ఉన్నదాన్నీ ఒకటి చేశారు, అవి చేసే హానిలో తేడా పట్టించుకోలేదు, కాబట్టి మేనిఫెస్ట్‌లీ ఆర్బిట్రరీ అన్నారు. హానిలో తేడా! ఒక్కరోజు ఆలస్యానికీ ఏడాది ఆలస్యానికీ ఉన్నది అదే. నీ ఐదుగురిలో ఎవరికి ఎన్ని రోజులు ఆలస్యమైందో ఒక చిన్న పట్టిక వేసి అఫిడవిట్ మధ్యలో పెట్టు. నాలుగు రోజులాయన పేరు మొదట ఉండాలి. పద్నాలుగు నెలలు ఎగ్గొట్టిన ఆయన్ని ఈ రిట్‌లోంచి తీసెయ్యి. ఆయనకి కోపం వస్తుంది. రానీ. ఆయన్ని చూపించి జీపీ మిగతా నలుగురినీ ముంచేస్తారు.

గ్రౌండ్స్‌లో ముందు వర్గీకరణ, తర్వాత ఏకపక్షత, ఆ తర్వాత వ్యాపార హక్కు, 19(1)(జి). ఏకపక్షత ఒక్కదాని మీదే నిలబడకు. ప్రత్యామ్నాయంగా, రూల్ నిలిచినా ఈ నాలుగు ఆర్డర్లూ నిలవవని కూడా ఒక ప్రార్థన రాయి. కోర్టు రూల్ జోలికి వెళ్లకుండానే నీ మనుషుల్ని కాపాడే వీలుంటే, దాన్ని నువ్వే మూసెయ్యకు. పేరొస్తుందని రూల్ కొట్టించాలనే ఆశ నీకుంటుంది, నాకూ ఉండేది.

మరీ తిట్టానా? డ్రాఫ్టులో సంఘటనలు రాసిన భాగం చాలా బాగుంది. ఆ వయసులో నేను అంత శుభ్రంగా రాయలేదు. నేలపాడు వెళ్లేటప్పుడు టిఫిన్ తిని వెళ్లు, మధ్యాహ్నం దాకా పిలవరు.

ఆదివారం ఇంటికి రా. మిల్లుల కట్ట బీరువా పై అరలో ఉంది, నాకు నిచ్చెన ఎక్కడం కుదరదు, నువ్వే తీసుకోవాలి. 17వ పేజీ చివర్లో ఆరు నెలల సంగతి ఉంటుంది. పక్కన నూనె మరక కూడా.

ఆశీస్సులతో,
పెదనాన్న