ఇల్లు స్కూలు దగ్గర చూసుకోండి, ఆసుపత్రికి రాత్రిపూట ఒకసారి వెళ్లి రండి

“ఇద్దరు చిన్నపిల్లలతో కొత్త నగరానికి మారుతున్నాం. ఇల్లు ఆఫీసుకు దగ్గరగా తీసుకోవాలా, స్కూలుకు దగ్గరగానా? ఏరియా ఎంచుకునే ముందు ఇంకేం చూడాలి?”

స్కూలుకు దగ్గరగానే. నేను మూడుసార్లు ఊరు మారాను, అందులో రెండుసార్లు తప్పు ఏరియాలో ఇల్లు తీసుకున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటిసారి ఇల్లు మావారి ఆఫీసుకు పది నిమిషాల దూరంలో తీసుకున్నాం. స్కూలు ఏడు కిలోమీటర్లు. బస్సు ఉందిగా, ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాం. చేరాక తెలిసింది, మా స్టాపు ఆ బస్సుకు మొట్టమొదటిది. ఉదయం 6:50కి ఎక్కితే బస్సు వీధివీధీ తిరిగి అందరినీ ఎక్కించుకుని 8:10కి స్కూలు చేరేది. సాయంత్రం ఇంకో గంట. ఆరేళ్ల పిల్ల రోజుకు రెండు గంటల ఇరవై నిమిషాలు బస్సులోనే ఉండేది. ఇంటికొచ్చేసరికి టిఫిన్ డబ్బా సగం అలాగే ఉండేది, బూట్లు విప్పకుండానే సోఫాలో నిద్రపోయేది. తర్వాత స్కూలుకు ముప్పావు కిలోమీటరు దూరంలో ఇల్లు మార్చాం. పాపతో నడిస్తే పావుగంట. మావారికి మాత్రం ఆఫీసుకు యాభై నిమిషాలు పట్టడం మొదలైంది. పెద్దవాళ్లు ఆ ప్రయాణాన్ని తట్టుకుంటారు, కావాలంటే వేళ మార్చుకుంటారు, వారానికి ఒకరోజు ఇంటి నుంచి పని చేసుకుంటారు. పిల్లలకు ఆ వెసులుబాటు ఉండదు. పైగా పదకొండు గంటలకు “పాపకి జ్వరం, వచ్చి తీసుకెళ్లండి” అని స్కూలు నుంచి ఫోన్ వస్తే పావుగంటలో వెళ్లే మనిషి ఒకరు ఇంటి దగ్గరో, స్కూలు దగ్గరో ఉండాలి.

కాబట్టి స్కూల్లో ఫీజు గురించి అడిగేటప్పుడే బస్సు చూసుకునే ఆయన్ని కలవండి. “ఈ వీధి నుంచి ఎక్కే పిల్లలు ఎన్నో స్టాపు, ఎన్ని గంటలకు ఎక్కుతారు, ఎన్నింటికి దిగుతారు?” అని అడగండి. కిలోమీటర్లు అడగొద్దు. ఆరు కిలోమీటర్లలో ఉండి చివరి స్టాపు అయితే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మూడు కిలోమీటర్లలోనే ఉన్నా మొదటి స్టాపు అయితే గంట పట్టొచ్చు.

ఆఫీసు ప్రయాణానికి గూగుల్ మ్యాప్స్‌లో చేరాల్సిన వేళ పెట్టి చూడండి. అప్పుడు అది ఒక్క అంకె చెప్పదు, ముప్పై అయిదు నుంచి అరవై నిమిషాలు అన్నట్టు చెబుతుంది. ఆ రెండో అంకెనే నమ్మండి. ఇక్కడ బ్రోకర్ల మీద నా కోపం చెప్పుకోవాలి. వాళ్లు ఇల్లు ఎప్పుడూ ఆదివారం పదకొండింటికే చూపిస్తారు. రోడ్లు ఖాళీగా ఉంటాయి, దుకాణాల ముందు బండ్లు అడ్డంగా ఉండవు, స్కూలు మూసి ఉంటుంది. ప్రకటనల్లో “అన్నీ ఐదు నిమిషాల్లో” అని రాసే ఆ ఐదు నిమిషాలు ఏ వేళవో ఒక్కరూ చెప్పరు. నచ్చిన ఇంటికి సోమవారం ఉదయం ఏడున్నరకు మళ్లీ వెళ్లి స్కూలు దాకా నడవండి. ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిపోతుందో, పెద్ద రోడ్డు ఎక్కడ దాటాలో అప్పుడే తెలుస్తుంది.

ఇక మీరు అడగకపోయినా నేను చెప్పాలనుకున్నది ఆసుపత్రి సంగతి.

రెండో ఊళ్లో మా ఇంటికి కిలోమీటరున్నర దూరంలో పెద్ద ఆసుపత్రి ఉండేది. బోర్డు మీద 24 గంటలు అని ఉంది, పిల్లల విభాగం అని కూడా ఉంది. అది చూసే ఆ ఇల్లు ఖాయం చేశాం. మూడు నెలల తర్వాత ఒక రాత్రి పన్నెండున్నరకు మా బాబుకు ఆయాసం వచ్చింది. అప్పుడు వాడికి నాలుగేళ్లు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి. నీళ్లు కావాలా అని అడిగితే తల ఊపాడే గానీ మాట రాలేదు. మాట్లాడలేకపోతున్నాడంటే ఇక ఇంట్లో కూర్చునే సమయం కాదు. పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాం.

అక్కడ ఉన్నది ఒక్క డ్యూటీ డాక్టరు. మర్యాదగానే చూశారు, నెబ్యులైజర్ పెట్టారు. వేలికి క్లిప్ పెడితే ఆక్సిజన్ తక్కువ చూపించింది. పిల్లల డాక్టరు పగలే ఉంటారట, రాత్రి పిలిస్తే ఇంటి నుంచి రావాలట, ఆ రాత్రి ఆయన ఫోన్ ఎత్తలేదు. పిల్లలకు ఐసీయూ లేదు. “ఇక్కడ ఉంచడం మంచిది కాదమ్మా, వేరే చోటికి తీసుకెళ్లండి” అన్నారు. అంబులెన్సు ఇంకో రోగితో వెళ్లింది. తొమ్మిది కిలోమీటర్లు మా కారులోనే బయలుదేరాం. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్స్ బండి పోయేదాకా పన్నెండు నిమిషాలు వాణ్ణి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని ఆ ఎర్రలైటు వైపే చూస్తూ ఉన్నాను. రెండో ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, మందులిచ్చి, రెండు రోజులు ఉంచుకుని పంపారు. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు.

ఆ తర్వాత మూడో ఊరికి మారేటప్పుడు ఇల్లు చూడకముందే నేనూ మావారూ రాత్రి పదకొండింటికి రెండు ఆసుపత్రులకు వెళ్లాం. ఎమర్జెన్సీ గదిలో నర్సును మూడే అడిగాను. ఈ వేళప్పుడు పిల్లల డాక్టరు భవనంలోనే ఉన్నారా, పిలిస్తే వస్తారా? పిల్లలకు ఐసీయూ ఉందా? మీ వల్ల కాకపోతే ఎక్కడికి పంపిస్తారు? రాత్రి పనిచేసే నర్సులు దాచకుండా చెబుతారు, పగటి రిసెప్షన్‌లో అన్నిటికీ “ఉందండీ” అనే జవాబే వస్తుంది. రెండు చోట్లా నర్సులు మూడో ప్రశ్నకు ఒకే ఆసుపత్రి పేరు చెప్పారు. మా ఇల్లు దానికి దగ్గరలో, మధ్యలో రైల్వే గేటు లేని వైపున వెతుక్కున్నాం. చిన్న జ్వరాలకు, దెబ్బలకు మాత్రం వీధిలోని క్లినిక్ చాలు.

మార్కెట్ గురించి మీరు అంత టెన్షన్ పడక్కర్లేదు. కూరగాయలు ఇంటికి తెచ్చిపెట్టేవాళ్లు ఇప్పుడు అన్ని చోట్లా ఉన్నారు. అయితే నడిచి వెళ్లే దూరంలో పాలు, కిరాణా దొరికే ఒక దుకాణమూ, రాత్రి పదింటి దాకా తెరిచి ఉండే మందుల షాపూ ఉండాలి. ఉన్నాయో లేదో రాత్రి తొమ్మిదిన్నరకు వీధిలో ఒక చుట్టు తిరిగి చూసుకోండి. నీళ్ల సంగతి ఇంటి ఓనరును అడగకండి, పై అంతస్తులో అద్దెకున్నవాళ్లను అడగండి. ఎండాకాలంలో ఏ వేళకు వస్తాయో, ఎన్ని రోజులు రావో వాళ్లకే తెలుసు.

మీ చిన్నబ్బాయికో పాపకో ఇదివరకు ఆయాసంగానీ, జ్వరంలో ఫిట్స్‌గానీ వచ్చి ఉంటే స్కూలు కంటే ముందు ఆసుపత్రి చూడండి, మిగతావి తర్వాత. ఫోన్‌లో రిసెప్షన్ నంబరు కాకుండా నేరుగా ఎమర్జెన్సీ గది నంబరు రాసుకుని, డాక్టరు రాసిన పాత మందుల చీటీల ఫొటోలు కూడా మీ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.