కొత్తగా బయటపడిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్: వేగమా, లయా?

"నాన్నకు 67 ఏళ్లు, బీపీ ఉంది. పోయిన నెల ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. మెట్లెక్కితే ఆయాసం. గుండె వేగం తగ్గిస్తే చాలా, లయ కూడా సరిచేయించాలా?"

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడం. ముందు వేగం, ఆపైన లయ కూడా సరిచేయించమంటాను. 2020 నాటి ఈస్ట్ అధ్యయనంలో, జబ్బు తెలిసిన ఏడాదిలోపే లయ చికిత్స మొదలుపెట్టినవారిలో పక్షవాతం, గుండె మరణాలు తగ్గాయి. ఎనభై దాటి, ఏ ఇబ్బందీ లేనివారికైతే వేగం తగ్గిస్తే చాలు.

మెటోప్రొలాల్ లాంటి మాత్రతో, కూర్చున్నప్పుడు గుండె వేగం 110 లోపుకు తెస్తారు. ఛాతీపై ఇచ్చే కరెంటు షాక్‌తో లయ సరిచేయాలంటే అంతకుముందు 3 వారాలు, ఒక్క డోసూ తప్పకుండా, రక్తం పలచబరిచే మందు వేసుకోవాలి. డోసు తప్పితే డాక్టరుకు తప్పక చెప్పండి: గుండెలో రక్తపు గడ్డ ఉంటే షాక్ తర్వాత అది మెదడుకు చేరొచ్చు. లయ కుదిరినా ఆ మందు ఆపేయకండి. వయసు, బీపీ వల్ల ఆయనకు పక్షవాతం ముప్పు అలాగే ఉంటుంది.