తిరుగుతున్న మోటారుని వెనక్కి తిప్పితే కరెంట్ లిమిట్ ఏం చేస్తుంది?

ప్రశ్న: 12 వోల్టుల చిన్న గేర్ మోటారుని డీఆర్‌వీ8871 చిప్‌తో రెండు వైపులా తిప్పుతున్నాను. ఐలిమ్ పిన్‌కి 43 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను, అంటే లిమిట్ 1.5 ఆంపియర్లు. స్టార్టింగ్‌లో సరిగ్గా అక్కడే ఆగుతోంది. కానీ ముందుకి తిరుగుతున్నప్పుడు ఒక్కసారి వెనక్కి మారిస్తే కరెంట్ 3 ఆంపియర్లు దాటుతోంది, గేర్లు టక్కుమంటున్నాయి. చిప్ చెడిపోయిందా? లిమిట్ ఇంకా తగ్గించాలా?

జవాబు:

చిప్ బాగానే ఉందండి. లిమిట్ తగ్గించినా ఆ 3 ఆంపియర్లు తగ్గవు. నమ్మకం లేకపోతే 43 కిలో ఓమ్‌లు తీసి 62 పెట్టి చూడండి. ఈ చిప్‌లో లిమిట్ అంటే 64ని కిలో ఓమ్‌లతో భాగిస్తే వచ్చే ఆంపియర్లు, కాబట్టి సుమారు 1.03 అవుతుంది. స్టార్టింగ్ కరెంట్ బుద్ధిగా ఒక ఆంపియర్‌కి దిగుతుంది. దిశ మార్చినప్పుడు వచ్చే శిఖరం మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతోనే తేలిపోతుంది, లిమిట్ పని చేస్తోంది కానీ ఈ సందర్భానికి అది పనికిరాదని.

ఎందుకో చూడాలంటే దిశ మార్చిన మొదటి మిల్లీసెకను లోపలికి వెళ్లాలి. మీ మోటారు వైండింగ్ 3 ఓమ్‌లు అనుకుందాం. చిప్ లోపల మోటారుని సప్లైకి కలిపే పైస్విచ్, గ్రౌండ్‌కి కలిపే కింది స్విచ్ కలిపి మరో 0.565 ఓమ్. మొత్తం సుమారు 3.57. ఖాళీగా తిరుగుతూ 0.15 ఆంపియర్ తీసుకుంటుంటే, బ్యాక్ ఈఎంఎఫ్ 11.5 వోల్టుల దాకా ఉంటుంది. అంటే ఆ క్షణంలో మీ మోటారు ఒక 11.5 వోల్టుల జెనరేటర్. మామూలుగా అది సప్లైకి ఎదురు నిలబడి కరెంట్‌ని తగ్గిస్తుంది. మీరు సప్లై దిశ తిప్పేసరికి ఆ రెండూ ఒకే వైపుకి నెట్టడం మొదలుపెడతాయి. 12 ప్లస్ 11.5, మొత్తం 23.5 వోల్టులు. లిమిట్ అసలు లేకపోతే కరెంట్ 6.6 ఆంపియర్ల వైపు పరుగెత్తుతుంది. షాఫ్ట్‌ని చేత్తో పట్టి ఆపితే వచ్చే స్టాల్ కరెంట్ 3.4 మాత్రమే. చాలామంది స్టాల్ కరెంటే అన్నిటికన్నా ఎక్కువనుకుని డ్రైవర్ కొంటారు. తిరుగుతున్న మోటారుని వెనక్కి తిప్పడం దానికి దాదాపు రెట్టింపు.

సరే, మీకు లిమిట్ ఉంది కదా. కరెంట్ 1.5 దాటగానే చిప్ ఏం చేస్తుంది? పైస్విచ్ ఆపేసి, కింది స్విచ్‌లు రెండూ ఆన్ చేసి, సుమారు 25 మైక్రోసెకన్లు అలాగే ఉంచుతుంది. స్టార్టింగ్‌లోనో, ఇరుక్కుపోయినప్పుడో ఇది చక్కని ఉపాయం. మోటారు తిరగడం లేదు కాబట్టి బ్యాక్ ఈఎంఎఫ్ లేదు, కరెంట్ ఆ లూప్‌లో తిరుగుతూ తగ్గుతుంది. కానీ రెండు కింది స్విచ్‌లూ ఆన్ అవడం అంటే ఏమిటి? అదే బ్రేక్! మోటారు రెండు కొనలూ షార్ట్ అయ్యాయి. తిరుగుతున్న మోటారుని షార్ట్ చేస్తే 11.5 వోల్టులు నేరుగా 3.57 ఓమ్‌ల మీద పడతాయి, కరెంట్ 3.2 ఆంపియర్ల వైపు పెరుగుతుంది. చిప్ కరెంట్‌ని తగ్గించాలని చేసే పనే కరెంట్‌ని పెంచుతోంది. 25 మైక్రోసెకన్ల తర్వాత మళ్లీ డ్రైవ్ ఆన్ చేసి చూస్తుంది, లిమిట్ దాటే ఉంది, మళ్లీ షార్ట్ చేస్తుంది. ఆ చూడటానికి పట్టే రెండు మూడు మైక్రోసెకన్లలో సప్లై కూడా కాస్త నెడుతుంది కనుక 3.2కి కాస్త పైనే నిలబడుతుంది. మీ ప్రోబ్‌లో కనబడింది అదే.

అందుకే నా మాట: ఈ రకం చిప్‌లో కరెంట్ లిమిట్ సప్లై నుంచి వచ్చే కరెంట్‌కి కాపలా. మోటారు తనలో తాను పుట్టించే కరెంట్‌కి కాదు. వైండింగ్ 3 కాక 2 ఓమ్‌లైతే ఇంకో సమస్య. అప్పుడు బ్రేక్ కరెంట్ 4.5 ఆంపియర్లు. ఈ చిప్‌లో ఓవర్‌కరెంట్ రక్షణ 3.7 నుంచే పని మొదలుపెట్టవచ్చు. అది పడితే చిప్‌లోని స్విచ్‌లన్నీ ఆగి, సుమారు 3 మిల్లీసెకన్ల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. బ్రేక్ వేసినప్పుడు నున్నగా ఆగకుండా గరగరమని ఆగితే కారణం ఇదే కావచ్చు.

ఇక్కడ ఒక చిరాకు చెప్పుకోవాలి. "చిప్‌లో డెడ్ టైమ్ ఉంది, కాబట్టి ప్రోగ్రామ్‌లో ఆగాల్సిన పని లేదు" అని ఎక్కడ చూసినా రాస్తారు. డెడ్ టైమ్ ఉన్నది ఒకే వైపు పైస్విచ్, కింది స్విచ్ ఒకేసారి ఆన్ కాకుండా చూడటానికి. అది మైక్రోసెకనులో చిన్న భాగం. మోటారు ఆగడానికి పట్టేది వందల మిల్లీసెకన్లు. ఒకటి స్విచ్‌ల సంగతి, ఇంకోటి చక్రం సంగతి.

మీ చిప్‌కి 3.2 ఆంపియర్లు ప్రమాదం కాదు, కొద్దిసేపు 3.6 దాకా ఓర్చుకుంటుంది. దెబ్బ తినేది గేర్లు. టార్క్ కరెంట్‌తో సమానంగా పెరుగుతుంది కాబట్టి, 1.5 ఆంపియర్లకని లెక్క వేసుకున్న గేర్‌బాక్స్ మీద రెట్టింపు పైన, అదీ ఎదురు దిశలో, పళ్ల మధ్య ఖాళీ దాటి వచ్చి కొడుతుంది. ఆ టక్కు అదే.

ఇప్పుడు మందు. ఫుల్ బ్రేక్ వేసినా కరెంట్ 1.5 దాటకూడదంటే, బ్యాక్ ఈఎంఎఫ్ 1.5ని 3.57తో గుణించినంత, అంటే 5.3 వోల్టులకి దిగేదాకా ఆగాలి. కాబట్టి క్రమం ఇది: ముందు రెండు ఇన్‌పుట్‌లూ లో చేసి మోటారుని వదిలేయండి, బ్యాక్ ఈఎంఎఫ్ 5.3కి దిగాక రెండూ హై చేసి బ్రేక్ వేయండి, ఆగాక వెనక్కి తిప్పండి.

ఎంత దిగిందో ఊహించక్కర్లేదు, కొలవవచ్చు. అవుట్1 నుంచి 10 కిలో ఓమ్‌లు, అక్కడ నుంచి గ్రౌండ్‌కి 4.7 కిలో ఓమ్‌లు పెట్టి, మధ్య బిందువుని ఏడీసీకి ఇవ్వండి. అవుట్2కి కూడా అలాంటి జతే పెట్టండి, దాన్ని చదవకపోయినా ఫర్వాలేదు. వదిలేసినప్పుడు మోటారు రెండో కొన చిప్ లోపలి డయోడ్ వల్ల గ్రౌండ్ కన్నా 0.6 వోల్టు కిందే ఆగిపోతుంది. అందుకని అవుట్1 దగ్గర బ్యాక్ ఈఎంఎఫ్‌లో 0.6 తగ్గి కనబడుతుంది. 5.3కి 4.7, డివైడర్ తర్వాత 1.5 వోల్టులు, 5 వోల్టుల 10 బిట్ ఏడీసీలో సుమారు 307.

```cpp
// IN1 = 9, IN2 = 10, OUT1 divider = A0
void toReverse() {
  digitalWrite(9, LOW);
  digitalWrite(10, LOW);    // coast
  delay(5);
  unsigned long t = millis();
  while (analogRead(A0) > 300 && millis() - t < 2000) {}
  digitalWrite(9, HIGH);
  digitalWrite(10, HIGH);   // brake
  delay(300);
  digitalWrite(9, LOW);     // reverse
}
```

మొదటి 5 మిల్లీసెకన్లు వైండింగ్‌లో మిగిలిన కరెంట్ చావడానికి. అది చావకముందు చదివితే సప్లై వోల్టేజీయో, డయోడ్ వోల్టేజీయో కనబడుతుంది కానీ బ్యాక్ ఈఎంఎఫ్ కాదు. చివరి 300 మీ చక్రం బరువుని బట్టి మారాలి. రోటరు ఒక్కటే అయితే 50 కూడా ఎక్కువే.

దీనికి మూల్యం సమయం. బరువైన చక్రం, తక్కువ రాపిడి ఉంటే 11.5 నుంచి 5.3కి దిగడానికి సెకను పైన పట్టవచ్చు. అంత ఆగలేనివాళ్లు చేసేది బ్రేక్‌ని పీడబ్ల్యూఎమ్‌తో విడతలు విడతలుగా వేయడం, అంటే IN1, IN2 రెండింటికీ ఒకే పల్స్ ఇచ్చి బ్రేక్, వదలడం, బ్రేక్, వదలడం. కరెంట్ సగటుగా 1.5 దగ్గరే ఉంచవచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ అడాప్టర్‌తో నడిపేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

బ్రేక్ విడతలో వైండింగ్‌లో కరెంట్ పెరుగుతుంది. వదిలిన విడతలో ఆ కరెంట్‌కి దారి డయోడ్‌ల గుండా సప్లైలోకే. ఇది అచ్చంగా బూస్ట్ కన్వర్టర్, మీరు తెలియకుండా కట్టేశారు. బ్యాటరీ అయితే ఆ శక్తిని మింగేస్తుంది. అడాప్టర్ మామూలుగా వెనక్కి తీసుకోదు, అదంతా కెపాసిటర్‌లో పోగవుతుంది. రోటరుకి పదింతల జడత్వం ఉన్న చక్రాన్ని నిమిషానికి 6000 చుట్ల నుంచి సగం వేగానికి ఇలా దించితే, సుమారు అర జౌల్ సప్లైలోకి వస్తుంది. 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌లో 12 వోల్టుల దగ్గర ఉన్నది 0.034 జౌల్ మాత్రమే. నష్టాలు లేవనుకుంటే వోల్టేజీ 50కి చేరువవుతుంది. సగం దారిలోనే వేడిగా పోయినా 35 దాకా వస్తుంది. చిప్ పని చేసే పరిమితి 45, మీ కెపాసిటర్ మీద రాసి ఉన్నది 25 కావచ్చు. 4700 మైక్రోఫారడ్‌లు పెడితే అదే శక్తికి 20 లోపే ఆగుతుంది. మల్టీమీటర్‌కి ఈ పెరుగుదల అందదు, ఓసిల్లోస్కోప్ సప్లై పిన్ మీదే పెట్టి చూడాలి.

ఫుల్ బ్రేక్‌లో ఈ బెడద లేదు. శక్తంతా లూప్‌లోనే, వైండింగ్‌లోనూ రెండు స్విచ్‌లలోనూ వేడిగా పోతుంది, సప్లైకి తెలియను కూడా తెలియదు. అడాప్టర్‌తో నడిపితే వదిలి తర్వాత ఫుల్ బ్రేక్ వేయమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

విడతల బ్రేకే వేస్తానంటే పీడబ్ల్యూఎమ్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఆర్డుయినో `analogWrite` చాలా పిన్‌ల మీద 490 హెర్ట్జే ఇస్తుంది. ఈ చిప్‌కి రెండు ఇన్‌పుట్‌లూ ఒక మిల్లీసెకను లోలో ఉంటే నిద్రపోయే అలవాటు ఉంది. ఆ ఫ్రీక్వెన్సీలో సగం డ్యూటీ దగ్గరే అది నిద్రలోకి జారి, మళ్లీ లేచి, బ్రేక్ తడబడుతుంది.

ఇక 1.5 లిమిట్‌ని అలాగే ఉంచండి, దాని పని దానికి ఉంది. అయితే అది ఉందని ఇరుక్కున్న మోటారుని అలా వదిలేయకండి. 1.5 ఆంపియర్ల దగ్గర 3 ఓమ్‌ల వైండింగ్‌లో 6.75 వాట్లు కాలుతుంటాయి, చిన్న మోటారు అంత వేడిని ఎక్కువసేపు మోయలేదు. ఈ చిప్‌లో కరెంట్ చెప్పే పిన్ లేదు, ఫాల్ట్ పిన్ కూడా లేదు. మోటారు చేరాల్సిన చోటికి చేరడానికి పట్టే సమయానికి ఒకటిన్నర రెట్లు గడిచినా ఆ చోట పెట్టిన లిమిట్ స్విచ్ తగలకపోతే రెండు ఇన్‌పుట్‌లూ లో చేసేయమని ప్రోగ్రామ్‌లోనే రాయాలి.