పుస్తకం మారిన చోటే బాకీలు మాయమవుతాయి

ప్రశ్న: మా నాన్నగారి కిరాణా కొట్టు అరువు పుస్తకంలో రాతలు వెలిసిపోతున్నాయి. కంప్యూటర్లోకి ఎక్కిస్తే మర్చిపోయిన బాకీలు బయటపడతాయా? పడితే వసూలవుతాయా?

బయటపడతాయి. ముందు పాత పుస్తకం ఆఖరి పేజీలు, కొత్త పుస్తకం మొదటి పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. గల్లంతైన బాకీల్లో ముప్పాతిక వంతు ఆ మలుపులోనే ఉంటాయని పందెం కాస్తాను.

మాది పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కొట్టు మీది రేకులు ఎగిరిపోయి అరువు పుస్తకం నానిపోయింది. నాన్న దాన్ని ఆరబెట్టి అటక మీద పడేసి, కొత్త పుస్తకం కొని, గుర్తున్న బాకీలు మాత్రం అందులోకి దింపారు. గుర్తులేనివి అటక మీదే ఉండిపోయాయి. నిరుడు ఆ కట్ట దింపి ఎక్సెల్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

నాన్న బాల్‌పెన్నుతో నొక్కి రాస్తారు. రంగు పోయినా కాగితం మీద గాడి మిగులుతుంది. గదిలో లైటు తీసేసి, ఫోను టార్చిని పేజీకి పక్కనుంచి, దాదాపు కాగితాన్ని ఆనించి పెడితే గాడిలో నీడ పడి అక్షరాలు తేలతాయి. అలాగే ఫొటో తీసుకున్నాను. కొట్టులో పనిచేసిన కుర్రాడు జెల్ పెన్నుతో రాసినవి మాత్రం నీళ్లకి అలుక్కుపోయాయి. పైగా అతను అంకెలు ఒడియాలో వేసేవాడు. ఒడియా నాలుగు అచ్చం మన 8లా ఉంటుంది. సరిహద్దులో కొట్టు పెట్టినవాళ్లకి ఈ తలనొప్పి తెలుసు.

ఒక మేస్త్రి పద్దు చెబుతాను. పేజీ పైన కుర్రాడి చేతిరాతలో పాత బాకీ, చూడ్డానికి 1,860. కింద బియ్యం బస్తా 850, నూనె 190, జమ 800. ఆ లెక్కన 2,100 మిగలాలి. నాన్న పేజీ అడుగున వేసింది 1,700. తేడా 400 అనగానే విషయం అర్థమైంది: అది 1,860 కాదు, 1,460. అందుకే ప్రతి పేజీ మొత్తాన్నీ షీటులో విడిగా కూడి, నాన్న వేసిన మొత్తంతో సరిచూసుకునే గడి ఒకటి పెట్టుకున్నాను. పాత బాకీకి కూడా వేరే గడి ఉండాలి. దాన్ని సరుకుల గడిలో కలిపేస్తే, అంతకుముందు పేజీలో లెక్కకొచ్చిన ఆ 1,460 మళ్లీ కలిసి, 1,700 బాకీ 3,160 అయి కూర్చుంటుంది. అలాంటి కాగితం పట్టుకుని ఇంటికెళ్తే మేస్త్రి ఊరుకుంటాడా?

కొత్త పుస్తకంలో మేస్త్రి పేరు మీద పాత బాకీయే లేదు. మా పిన్ని కొడుకు వెంటనే దానికి వడ్డీ లెక్క కట్టేశాడు. అతనికి ఏ పద్దు కనిపించినా వడ్డీ గుర్తొస్తుంది. ఇంకొకరు యాప్ పెట్టుకోమన్నారు. అది రోజూ పొద్దున్నే జనానికి "మీ బాకీ చెల్లించండి" అని మెసేజీ కొడుతుందట. పదేళ్లుగా మన గుమ్మం ఎక్కుతున్న మనిషికి ఫోను చేత అడిగించడమేమిటండీ?

నేనూ నాన్నా ఫొటో పట్టుకుని మేస్త్రి ఇంటికే వెళ్లాం. ఆయన చూసి, "ఔను బావూ, నా పద్దే" అన్నాడు. కాసేపాగి, "మరి తుఫాను తరవాత మీ రేకులు బిగించాను కదా, ఆ కూలి ఎక్కడ రాశారు?" అన్నాడు. నాన్న నా వైపు చూశారు. మా పుస్తకంలో మనకు రావలసినవే ఉంటాయి, మనం ఇవ్వాల్సినవి రాసే పేజీ ఏ కొట్టులోనూ ఉండదు. కూలి 1,200 తీసేస్తే మిగిలిన 500 ఆయన అక్కడికక్కడే ఇచ్చాడు.

కోర్టు మాట మర్చిపోండి. గడువు ఏమీ చెప్పుకోకుండా అరువిచ్చిన సరుకుకి, 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఇచ్చిన నాటి నుంచి మూడేళ్లలోపే దావా వేయాలి. ఆ మూడేళ్లు దాటకముందే బాకీ ఒప్పుకుంటూ కొన్నవాళ్లు సంతకం చేస్తే, సంతకం చేసిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అయినా మన పుస్తకంలో మన చేతిరాత ఒక్కటే చూపించి ఎవరి మీదా బాకీ రుజువు చేయలేం.

అందుకే ఇప్పుడు పుస్తకం మార్చేటప్పుడు పాత బాకీ దింపిన ప్రతి వరస పక్కనా మనిషి చేత సంతకమో వేలిముద్రో పెట్టిస్తున్నాం. కొట్టుకి ఇప్పటికీ వస్తున్నవాళ్లకి ఫొటో చూపించి అడుగుతున్నాం. ఊరు విడిచిపోయినవాళ్ల పద్దుల్ని, పోయినవాళ్ల పద్దుల్ని నాన్న కొట్టేయమన్నారు. షీటులో వరస చెరపకుండా పక్క గడిలో "మాఫీ" అని రాసి వదిలేశాను. మీరు కూడా చెరపకండి, రేపు వాళ్లబ్బాయి వచ్చి అడిగినా అడుగుతాడు.