అందిన ఆర్డరు అందలేదంటే ఏం చేయాలి?

ప్రశ్న: నేను ఇచ్చి వచ్చిన ఆర్డరు అందలేదని కస్టమరు ఫిర్యాదు చేశారు. రేటింగు పడిపోయింది, డబ్బు కూడా కోశారు. సగం షిఫ్టు ఇంకా మిగిలి ఉంది, కోపంతో బుర్ర పనిచేయడం లేదు. ఇలాంటప్పుడు మీరు ఏం చేస్తారు?

జవాబు: కొన్నేళ్లుగా డెలివరీ చేస్తున్నాను. ఇలాంటి ఫిర్యాదు వచ్చిందని తెలియగానే నేను సపోర్టు వారితో వాదనకు దిగను. బండి పక్కకు ఆపి, కొత్త ఆర్డర్లు రాకుండా యాప్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టి, ఆ ఆర్డరు పేజీని, కాల్ వివరాలను, చాట్‌ను స్క్రీన్‌షాట్లు తీసుకుంటాను. కొన్ని యాప్‌లలో ఆర్డరు ముగిసిన కొద్దిసేపటికే చాట్ కనిపించకుండా పోతుంది. తరువాత నేను చేరిన సమయం, ఫోను చేసిన సమయం, వస్తువు ఎక్కడ ఎవరికి ఇచ్చానన్నది ఫోనులో నాలుగు ముక్కల్లో రాసుకుంటాను. అక్కడితో ఆ విషయాన్ని విరామం వరకు పక్కన పెట్టేస్తాను. రాసిపెట్టుకున్న సంగతిని దారి పొడవునా తలలో మోయనక్కర లేదు. అప్పీలుకు గడువు ఉంటే మాత్రం ముందుగా అది చూసుకోవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, నేను చూసినంతలో రెండో ఫిర్యాదు చాలాసార్లు మొదటి ఫిర్యాదు తెచ్చిన కోపం వల్లే వస్తుంది. కోపంలో ఉన్న రైడరు తలుపు దగ్గర ఫొటో తీయడు, సంచులు లెక్కపెట్టడు, గేటు దగ్గరే ‘డెలివర్డ్’ నొక్కేసి పైకి నడుస్తాడు. సిస్టమ్‌కు అతని మనసు తెలియదు. బటన్ నొక్కిన చోటు ఇంటికి దూరంగా ఉందన్నదే అక్కడ మిగులుతుంది.

నాకు ఎదురైన ఒక సందర్భం చెబుతాను. కస్టమరు ఫోనులో, తాను కిందికి రాలేనని, పార్సిల్‌ను కాపలాదారు గదిలో పెట్టి వెళ్లమని అన్నారు. యాప్ ద్వారా చేసిన కాల్ జరిగినట్లు, ఎంతసేపు జరిగినట్లు నమోదవుతుంది కానీ, అందులో ఏం మాట్లాడుకున్నామన్నది అప్పీలు చూసేవారి ముందుకు వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే ఫోను పెట్టేయగానే యాప్ చాట్‌లో, ‘మీరు ఇప్పుడు ఫోనులో చెప్పినట్లు పార్సిల్‌ను కాపలాదారు గదిలో ఉంచుతున్నాను’ అని పంపాను. గది బోర్డు, పార్సిల్ మీది బిల్లు రెండూ ఒకే ఫొటోలో పడేలా తీసి, ఆ తరువాతే ‘డెలివర్డ్’ నొక్కాను. ఒక్క సంచి మాత్రమే దగ్గరగా కనిపించే ఫొటో ఏ ఇంటి ముందైనా తీసి ఉండవచ్చు కాబట్టి అది పెద్దగా ఉపయోగపడదు. సాయంత్రం ‘అందలేదు’ అన్న ఫిర్యాదు వచ్చింది. విరామంలో టికెట్ రైజ్ చేసి, ఆర్డరు నంబరు, సమయాలు వరుసగా రాసి, ఆ మెసేజి, ఫొటో జతచేశాను. కస్టమరు అబద్ధమాడారని ఎక్కడా రాయలేదు. కాపలాదారు ఇవ్వడం మరచిపోయి ఉండవచ్చు, ఇంట్లో మరొకరు తీసుకుని ఉండవచ్చు. నేను నిరూపించగలిగింది నా వంతు పని మాత్రమే. మొదట ఎవరూ చదివినట్లు అనిపించని ముందే తయారుచేసిన జవాబు వచ్చింది. కొత్త టికెట్ పెట్టకుండా అదే టికెట్‌ను తిరిగి తెరిచి, ‘జతచేసిన ఫొటోను, మెసేజి సమయాన్ని పరిశీలించండి’ అని ఒక్క వాక్యం రాశాను. కోసిన డబ్బు తిరిగి వచ్చింది, రేటింగు మాత్రం మారలేదు.

రేటింగు సంగతి వేరు, దానిని లెక్కగా చూస్తే కొంత భయం తగ్గుతుంది. మీ యాప్ చివరి 100 రేటింగుల సగటు తీసుకుంటుందనుకుందాం. అందులో 90 ఐదులు, 10 నాలుగులు ఉంటే సగటు 4.90. ఒక పాత ఐదు జారిపోయి దాని చోట ఒక స్టారు రేటింగు చేరితే సగటు 4.86 అవుతుంది. అంటే ఒక్క అన్యాయపు రేటింగు వల్ల ఎవరూ కుప్పకూలరు. అయితే చాలామంది కస్టమర్లు రేటింగే ఇవ్వరు కనుక, ఆ ఒకటి జాబితా నుంచి బయటికి పోవడానికి 100 ఆర్డర్ల కంటే చాలా ఎక్కువే పడుతుంది. గంటకోసారి దాన్ని తెరిచి చూసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. నేను షిఫ్టు అయ్యాకే చూస్తాను.

నేను చూసినంతలో రైడరు ఐడీ బ్లాక్ కావడానికి దారితీసేది ఎక్కువగా సగటు కాదు, ‘అందలేదు’ వంటి ఫిర్యాదులు తక్కువ కాలంలో పదేపదే నమోదు కావడం. అందుకే డబ్బు తిరిగి వచ్చినా, మీ ఖాతాలో ఆ ఫిర్యాదు గుర్తు తొలగించారా లేదా అని అదే టికెట్‌లో విడిగా అడిగి, జవాబును దాచుకోండి. అదే చిరునామా నుంచి మళ్లీ ఆర్డరు వస్తే, ఓటీపీ అడిగే వీలుంటే తప్పకుండా అడగండి. లేకపోతే చేతికే ఇస్తానని ముందే చాట్‌లో రాయండి.