హన్యమానే శరీరే: ఒక యువ అనువాదకురాలికి లేఖ

సత్యనారాయణపురం, విజయవాడ.

చిరంజీవి రాధికకు,

ఆశీస్సులు. గుంటూరు నుంచి నువ్వు పంపిన అనువాదాలు అందాయి. కథల ఎంపిక బాగుంది. కానీ మధ్యలో వచ్చిన గీతా శ్లోకం దగ్గర ఆగిపోయాను. "న హన్యతే హన్యమానే శరీరే" అన్నదాన్ని "చంపబడుచున్న శరీరమునందు ఇది చంపబడదు" అని రాశావు. అలా రాస్తే ఆత్మ శరీరంలో ఉన్నంతసేపే చావదని, బయటికొస్తే సంగతి వేరని అర్థమొస్తుంది. కృష్ణుడు చెప్పింది అది కాదు. శరీరాన్ని చంపినా ఆత్మ చావదన్నాడు. సప్తమి కనబడగానే "యందు" తగిలించే అలవాటు వల్ల వచ్చిన తప్పిది. నీ కథల్లోనూ ఇదే చాలా చోట్ల ఉంది కాబట్టి ఈ ఉత్తరం మొత్తం దీనికే. ఛందస్సు సంగతీ, ప్రచురణకర్తల సంగతీ అడిగావు, అవి తర్వాత.

దీన్ని మనవాళ్ళు సతి సప్తమి అంటారు. పాణిని "యస్య చ భావేన భావలక్షణమ్" అని సూత్రం చేశాడు. ఒకరి పనిని గుర్తుగా పెట్టుకుని ఇంకో పని ఎప్పుడు జరిగిందో చెబితే, ఆ గుర్తుగా ఉన్నవాడికి సప్తమి వస్తుంది. పాత ఉదాహరణ ఒకటుంది: "గోషు దుహ్యమానాసు గతః". ఆవుల్ని పితుకుతుంటే వెళ్ళాడు. "దుగ్ధాసు ఆగతః" అంటే పితికాక వచ్చాడు. అతను వెళ్ళింది ఆవుల మీదికీ కాదు, ఆవుల్లోకీ కాదు. పాలు పితికే వేళ అతని రాకపోకలకు గడియారంగా పనికొచ్చింది, అంతే.

గుర్తుపట్టడానికి మొదట చూడాల్సింది జంట. ఒక నామవాచకం, దాని పక్కన ఒక కృదంతం, రెండూ సప్తమిలో, ఒకే లింగ వచనాల్లో ఉంటాయి: రామే గతే, సీతాయాం గతాయామ్, గోషు దుహ్యమానాసు. తర్వాత ఆ జంటను వేలితో మూసి మిగిలింది చదువు. "రామే వనం గతే దశరథో మృతః" అన్నదాంట్లో "దశరథో మృతః" తనంతట తాను నిలబడుతోంది, పైగా వెళ్ళినవాడు వేరు, పోయినవాడు వేరు. అయితే అది సతి సప్తమే. అలాకాకుండా "వికసితే పద్మే భ్రమరస్తిష్ఠతి" అని ఉంటే, "తిష్ఠతి" అన్న క్రియ ఎక్కడ అని అడుగుతోంది, పద్మం దానికి జవాబిస్తోంది. అది మామూలు సప్తమి. విచ్చిన తామర మీద తుమ్మెద ఉంది, అంతే. "పుష్పితే వృక్షే కోకిలః కూజతి" లాంటివి రెండు రకాలుగానూ పోతాయి. వాటికి ముందు వెనుక వాక్యాలే దిక్కు.

ఒక్కోసారి జంటలో ఒకటి కనబడదు. నీ కథల్లో "ఏవముక్తే", "తథానుష్ఠితే" పదే పదే వస్తాయి కదా, వాటికి నామవాచకం లేదు. "ఇలా అనేసరికి", "అలాగే చేశాక" అంటే సరిపోతుంది. నువ్వు రాసిన "ఇట్లు చెప్పబడినదగుచుండగా" ఎవరి నోట్లో పలుకుతుంది? టీకాల్లో "సతి = అగుచుండగా" అని రాసింది విద్యార్థికి విభక్తి చూపించడానికి. అది కొలబద్ద, వాక్యం కాదు. దాన్నే శిష్టమైన తెలుగు అనుకుని, తీసేస్తే సంస్కృతచ్ఛాయ పోయిందని గొణిగే సంపాదకులు ఇంకా ఉన్నారు. వాళ్ళ మాట వినకు. ఇది నా పంతమే అనుకో. "కృష్ణకు వరదొచ్చేసరికి బ్యారేజీ గేట్లెత్తారు", "వాన పడితే యార్డులో మిర్చి తడుస్తుంది" అని రోజూ అంటున్నాం. వచ్చేది వరద, ఎత్తేది మనుషులు. పడేది వాన, తడిసేది మిర్చి. ఇద్దరు కర్తల్ని ఒక వాక్యంలో పెట్టే పనిముట్లు మనకు దండిగా ఉన్నాయి.

ఏ పనిముట్టు ఎక్కడ అన్నదే అసలు పని. అందరికీ తెలిసిన భజగోవింద శ్లోకం తీసుకో:

వయసి గతే కః కామవికారః
శుష్కే నీరే కః కాసారః
క్షీణే విత్తే కః పరివారః
జ్ఞాతే తత్త్వే కః సంసారః

నాలుగు పాదాల్లోనూ సతి సప్తమే. నాలుగింటికీ ఒకే ప్రత్యయం వేస్తే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. నేనైతే ఇలా రాస్తాను: "వయసు మళ్ళాక కామవికారమేమిటి? నీళ్ళింకిపోతే చెరువెక్కడిది? డబ్బు కరిగిపోతే పరివారమెక్కడిది? తత్త్వం తెలిశాక సంసారమెక్కడిది?" మళ్ళిన వయసు తిరిగి రాదు, తెలిసిన తత్త్వం తెలియకుండా పోదు, అందుకని అక్కడ "ఆక". నీళ్ళు ఇంకవచ్చు, మళ్ళీ నిండవచ్చు, డబ్బూ అంతే, అందుకని అక్కడ "తే". సంస్కృతంలో ఈ తేడా చూపే గుర్తేమీ లేదు, అర్థాన్ని బట్టి మనమే తేల్చుకోవాలి. నాలుగో పాదంలో ఇంకోటి చూడు. "జ్ఞాతే" కర్మణి రూపం. "తెలియబడినదైన తత్త్వమునందు" అంటే చెవికి ముల్లు. "తెలియు" అనే మన క్రియే ఆ కర్మణిని చడీచప్పుడు లేకుండా మింగేసింది.

అలా మింగే క్రియ దొరకనప్పుడు కర్తను ముందుకు తీసుకురా. "రామేణ రావణే హతే" అంటే "రామునిచేత రావణుడు చంపబడగా" అని రాశావు. "రాముడు రావణుణ్ణి చంపాక" అను. తృతీయలో ఉన్నవాడు కర్త అవుతాడు, సప్తమిలో ఉన్నవాడు కర్మ అవుతాడు. కర్త పేరు చెప్పకపోతే "రావణుడు చచ్చాక" అనేయవచ్చు, చంపిందెవరో అక్కడ అక్కర్లేకపోతేనే సుమా.

మరో పొరపాటు దీనికి ఎదురు దిక్కున ఉంది. "అగుచుండగా" వద్దనుకున్న చోట "రాముడు అడవికి వెళ్ళి దశరథుడు మరణించాడు" అని రాశావు. "వెళ్ళి" అనగానే చదివేవాడు ఆ వెళ్ళినవాడు తర్వాత ఏం చేశాడా అని చూస్తాడు, అక్కడ దశరథుడు ఎదురవుతాడు. సంస్కృతంలోనూ "గత్వా" రావాలంటే రెండు పనులకూ కర్త ఒకడే కావాలి, కాదు కాబట్టే "గతే" వచ్చింది. "వానలు కురిసి చెరువులు నిండాయి" లాంటి వాక్యాల్ని తెలుగు ఒప్పుకుంటుంది, అవి ఒకదాని వల్ల ఒకటి తనంతట తానుగా జరిగేవి. మనుషులు కర్తలైన చోట దాన్ని నమ్ముకోకు.

రెండు మూడు సతి సప్తములు వరసగా వస్తే వాక్యం విరగ్గొట్టు. "సూర్యేఽస్తం గతే, పక్షిషు నీడాన్ ప్రవిష్టేషు, గోపాలో గృహమాగతః" అంటే "పొద్దు గూకింది. పక్షులు గూళ్ళు చేరాయి. అప్పుడొచ్చాడు గోపాలుడు ఇంటికి." గా, గా, గా అని మూడుసార్లు లాగితే మూడోదానికి ఊపిరాడదు.

ఇక మళ్ళీ ఆ గీతా వాక్యం. "హన్యమానే"లో "అపి" లేదు, అయినా తెలుగులో "నా" రావాలి. ఎందుకంటే జంట ఒకటి చెబుతోంది, "న హన్యతే" దానికి అడ్డం తిరుగుతోంది. చంపుతున్నారు, అయినా చావదు. కాబట్టి "శరీరాన్ని చంపుతున్నా ఇది చావదు". ఇదే పోకడలో, లెక్కచేయకపోవడం అనే అర్థం ఉంటే షష్ఠి కూడా వస్తుందని పాణిని "షష్ఠీ చానాదరే" అన్నాడు. "రుదతః పుత్రస్య ప్రావ్రాజీత్" అని కనబడితే "ఏడుస్తున్న కొడుకు యొక్క" అని మొదలుపెట్టకు. కొడుకు ఏడుస్తున్నా వినకుండా సన్యసించి వెళ్ళిపోయాడు.

నీ మూడో కథలో ఇలాంటి షష్ఠి ఒకటుంది, చివరి పేజీలో. అది వెతికి, ఆ కథ మొత్తం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మాష్టారు