ఆత్మకథలో మాటలు అంత గుర్తుంటాయా?

ప్రశ్న: మా శ్రీకాకుళం తాతగారి ఆత్మకథలో ఎనిమిదేళ్లప్పటి సంభాషణలు కూడా పొల్లుపోకుండా ఉన్నాయి. కల్పించారంటారా?

అబద్ధమని కాదు, కూర్చారు. అందులో ‘నేను’లు ఇద్దరు: కళింగపట్నం రేవులో నాన్నని సాగనంపిన పిల్లాడు, డెబ్బై ఏళ్లకి కలం పట్టిన పెద్దాయన. ‘రంగూన్ ఓడెక్కుతూ నాన్న ఏడ్చాడు’ అన్నది పిల్లాడు చూసింది. ‘అప్పు సంగతి అప్పుడు నాకేం తెలుసు’ అన్నది పెద్దాయన మాట. సంభాషణలు కూడా చాలావరకు ఆయన పనే. పెద్దాయన మాటలనిపించిన వాక్యాల కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఒక్క రోజుకి నాలుగు పేజీలిచ్చి, పదేళ్లని ఒక్క వాక్యంలో ఎక్కడ దాటేశారో కూడా చూడండి. నాకైతే అసలు కథ అక్కడే దొరుకుతుంది. తేదీలకి మాత్రం భూమి పత్రాలు, స్కూల్ రికార్డులు వెతకండి. అయితే పాత రికార్డుల్లో పుట్టినరోజు చాలాసార్లు మాస్టారు ఉజ్జాయింపుగా వేసిందే!